అసైన్‌మెంట్ 3 దిద్దుబాటు: పరికల్పన పరీక్షలు, 20కి 11

అమ్మా,

రెండు ప్రశ్నల్లోనూ లెక్క తప్పు లేదు. స్టాండర్డ్ ఎర్రర్, టెస్ట్ స్టాటిస్టిక్ రెండూ సరిగ్గా వచ్చాయి, వాటికి పూర్తి మార్కులు వేశాను. మార్కులు పోయినవన్నీ లెక్కకు ముందు రాసిన ఒక లైను దగ్గర, లెక్క అయ్యాక రాసిన రెండు లైన్ల దగ్గర. ఎర్ర సిరాతో పక్కన రాయడానికి చోటు చాలక ఈ కాగితం జత చేస్తున్నాను. నీ పేపరు పక్కన పెట్టుకుని చదువు.

మొదటి ప్రశ్న, బియ్యం బస్తాలది. బస్తా సగటు బరువు 25 కిలోలని మిల్లు అంటోంది. తూకం తక్కువ వస్తోందని కొనేవాళ్ల ఫిర్యాదు. 16 బస్తాలు తూస్తే సగటు 24.62 కిలోలు, n−1తో భాగించి కట్టిన s = 0.8 కిలోలు, 5 శాతం స్థాయి. నువ్వు రాసింది ఇది:

H0: μ = 25, H1: μ ≠ 25
t = (24.62 − 25) / (0.8/√16) = −0.38/0.2 = −1.9
|t| = 1.9 < 1.96, H0 is accepted. "కాబట్టి బస్తా బరువు 25 కిలోలే అని నిరూపించబడింది."

H0 దగ్గర x̄ కాకుండా μ రాశావు, మంచిది. క్లాసులో సగం మంది అక్కడే పడ్డారు. చిక్కు H1 దగ్గర మొదలైంది. ఫిర్యాదు "తేడా ఉంది" అని కాదు, "తక్కువ వస్తోంది" అని. బస్తాకు అరకిలో ఎక్కువ వస్తే ఫిర్యాదు చేయడానికి ఎవరూ రారు. ప్రశ్నపత్రంలో "తక్కువ" అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసింది కూడా నువ్వే! గీత గీసి, H1 రాసేటప్పుడు దాన్ని వదిలేశావు. H1: μ < 25 అని రాయాలి, అంటే లెఫ్ట్ టెయిల్. బొమ్మలో రెండు కొసలకూ షేడింగ్ వేశావు. ఎడమ కొసకు మాత్రమే ఉండాలి.

టెయిల్ ఎటు అన్నది ప్రశ్నలోని మాటల నుంచే తేలాలి, శాంపుల్ సగటు చూసి కాదు. 24.62 అనేది 25 కన్నా తక్కువ కాబట్టి లెఫ్ట్ టెయిల్ అని రాసినా, సమాధానం కలిసొచ్చినా, ఆ కారణానికి నేను మార్కు వేయను.

తర్వాత 1.96. ఇది జెడ్ టేబుల్ సంఖ్య, అదీ టూ టెయిల్‌ది. ఇక్కడ జనాభా σ తెలియదు, శాంపుల్ 16 మాత్రమే, పైగా స్టాటిస్టిక్‌కు t అని పేరు పెట్టింది నువ్వే. t అని రాసి జెడ్ టేబుల్ తెరిస్తే ఎలా? డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ 1908లో "స్టూడెంట్" అన్న మారుపేరుతో వ్యాసం అచ్చు వేయించింది సరిగ్గా ఇలాంటి చిన్న శాంపుళ్ల బాధ పడలేకే. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 16 − 1 = 15. వన్ టెయిల్, 5 శాతానికి విలువ 1.753, లెఫ్ట్ టెయిల్ కాబట్టి −1.753.

టేబుల్ చూసేటప్పుడు ఒక జాగ్రత్త. మన ల్యాబ్‌లో ఉన్న పుస్తకంలో t టేబుల్ పైవరసలో ఇచ్చినవి రెండు కొసలూ కలిపిన సంభావ్యతలు. అందులో 0.05 కింద చూస్తే 2.131 వస్తుంది. వన్ టెయిల్‌కు 5 శాతం కావాలంటే 0.10 కింద చూడాలి. కొన్ని పుస్తకాల్లో ఒక్క కొసకే ఇస్తారు. నంబరు వెతికే ముందు పైన శీర్షిక చదవడం అలవాటు చేసుకో.

ఇప్పుడు పోల్చు: −1.9 < −1.753. స్టాటిస్టిక్ తిరస్కరణ ప్రాంతంలో పడింది, H0ను తిరస్కరించాలి. నీ తీర్పు పూర్తిగా తిరగబడింది. ఇందులో అసలు దోషి టెయిలే. టెయిల్ సరిచేసి టేబుల్ మాత్రం తప్పే ఉంచితే −1.645తో పోల్చేదానివి, అదృష్టం కొద్దీ తిరస్కరణే వచ్చేది. టేబుల్ సరిచేసి టెయిల్ తప్పే ఉంచితే 2.131 ఎదురయ్యేది, అప్పుడూ H0 నిలబడేది. పైగా |t| అని గుర్తు తీసేయడంతో స్టాటిస్టిక్ ఎటువైపు పడిందో కూడా నీకు కనిపించకుండా పోయింది. వన్ టెయిల్ లెక్కల్లో గుర్తును ఉంచు.

ముగింపు వాక్యం ఇలా ఉండాలి: "5 శాతం సార్థకతా స్థాయి వద్ద H0ను తిరస్కరిస్తున్నాం. ఈ మిల్లు బస్తాల సగటు బరువు 25 కిలోల కన్నా తక్కువ అనడానికి ఈ శాంపుల్‌లో చాలినంత ఆధారం ఉంది." "సగటు" అన్న మాట వదలకు. ప్రతి బస్తా తక్కువ తూగుతుందని మనం అనడం లేదు.

మార్కులు: H0కి 1, H1కి 0, స్టాటిస్టిక్‌కు 3, క్రిటికల్ వాల్యూకు 0, నిర్ణయానికి 1, ముగింపుకు 0. మొత్తం 5. నువ్వు తీసుకున్న విలువ ప్రకారం నిర్ణయం పొందికగానే ఉంది కాబట్టి ఆ ఒక్కటి ఇచ్చాను.

రెండో ప్రశ్న, విత్తనాలది. కనీసం 90 శాతం మొలకెత్తుతాయని కంపెనీ మాట, అంత రావడం లేదని రైతుల అనుమానం. 400 గింజలు వేస్తే 348 మొలిచాయి. స్థాయి 1 శాతం. z = (0.87 − 0.90)/0.015 = −2, సరైనదే. నువ్వు H1: p > 0.9 అని రాశావు. "కనీసం" అన్న మాట చూసి "ఎక్కువ" వైపు వెళ్లినట్టున్నావు. "కనీసం 90" అన్నది కంపెనీ మాట, అది H0 వైపు ఉంటుంది. దాన్ని కాదనేది H1: p < 0.9.

క్రిటికల్ వాల్యూ దగ్గర ముందు −2.33 అని రాసి, మైనస్ కొట్టేసినట్టు కనిపిస్తోంది. కొట్టేయకముందు ఉన్నదే సరి. సంఖ్య సరైనది కాబట్టి రెండింటిలో ఒక మార్కు ఇచ్చాను. −2 అనేది −2.33 దాకా పోలేదు, కనుక H0ను తిరస్కరించలేం. నీ నిర్ణయమూ అదే, కానీ వచ్చిన దారి వేరు. నువ్వు కుడివైపు చూస్తూ కూర్చున్నావు. అలా చూస్తే 400లో ఒక్క గింజా మొలవకపోయినా H0 చెక్కుచెదరదు.

ఇక ముగింపు: "99 శాతం నమ్మకంతో కంపెనీ మాట నిజం." దీనికి సున్నా వేయక తప్పలేదు. 1 శాతం అంటే, H0 నిజమై ఉండి కూడా మనం దాన్ని పొరపాటున తిరస్కరించే అవకాశం మీద ముందే పెట్టుకున్న హద్దు. H0 నిజమయ్యే అవకాశం 99 శాతం అని దానికి అర్థం కాదు. అసలు 348 గింజలు చూసి కంపెనీ మాట రుజువైందనడం వింతగా లేదూ? ఆ శాంపుల్‌లో మొలిచింది 87 శాతమే. చెప్పగలిగేది ఇంతే: "1 శాతం స్థాయి వద్ద, మొలకశాతం 90 కన్నా తక్కువ అనడానికి ఈ డేటాలో చాలినంత ఆధారం లేదు." "Accepted" అని రాయకు, "తిరస్కరించలేకపోయాం" అని రాయి. "నిరూపించబడింది" అన్న మాట ఈ యూనిట్ మొత్తంలో ఎక్కడా అవసరం రాదు. ఈ ప్రశ్నకు 6.

సోమవారం లోపు మొదటి ప్రశ్న మొత్తం, రెండో ప్రశ్నలో H1, బొమ్మ, ముగింపు కొత్త కాగితం మీద రాసి ఇవ్వు. మార్చిన మార్కులు రికార్డులో వేస్తాను. దాంతోపాటు ఇంకొకటి: విత్తనాల ప్రశ్నలో స్థాయి మొదటి నుంచీ 5 శాతం అని ఇచ్చి ఉంటే నిర్ణయం, ముగింపు వాక్యం ఎలా ఉండేవో రెండు లైన్లలో రాయి. ఫలితం చూశాక 1 శాతాన్ని 5 శాతానికి మార్చుకోవడం ఎందుకు కుదరదో మూడో లైనులో రాయి.