ఇరవై, రెండు, ఒకరు: పత్తి సదస్సులో స్వరూప చెప్పే మొదటి మాటలు

సెప్టెంబర్ చివరి శనివారం, పొద్దున పదిన్నర. పరకాల దగ్గరి ఊరి రైతు వేదిక. ఎనభై మంది దాకా రైతులు వస్తారు. విషయం పత్తిలో గులాబీ రంగు పురుగు. మాట్లాడేది వ్యవసాయ శాఖలో ఏడీఏగా, అంటే అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసి రిటైరైన యాదగిరి సార్. ఆయనను సభకు పరిచయం చేసేది మహిళా సంఘం లెక్కలు రాసే స్వరూప. మైకు ముందు నిలబడడం ఆమెకు ఇదే మొదటిసారి.

స్వరూపా, ఈ కాగితం ఇంట్లో చదువుకోవడానికి. మైకు దగ్గరికి తేవద్దు. చెయ్యి కొంచెం వణికినా కాగితం చివర రెండింతలు వణుకుతుంది. అది ముందు వరుసకు కనబడుతుంది, నీకూ కనబడుతుంది, దాంతో వణుకు ఇంకా పెరుగుతుంది. కాగితం బదులు చేతిలో ఒక పచ్చి పత్తికాయ ఉంటుంది. గుప్పిట్లో పట్టుకుని మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి ఉంచితే వణుకు ఎవరికీ తెలియదు. పైగా చెప్పాల్సిన మాట ఆ కాయే గుర్తు చేస్తుంది.

మొదటి పది సెకన్లు

మైకు ముందుకు వచ్చి ఆగు. ముందు ఊపిరి నోటితో పూర్తిగా వదిలెయ్, తర్వాత దానంతటదే లోపలికి వస్తుంది. గట్టిగా పీల్చి పట్టుకుంటే గాలి ఛాతీ పైభాగంలోనే ఇరుక్కుని గొంతు సన్నబడుతుంది, మొదటి మాట కీచుగా వస్తుంది.

*"అందరికి నమస్తే."*

ఆగు. వాళ్లు తిరిగి నమస్తే అంటారు. ఆ రెండు సెకన్లు నీవి. గుండె దడ తగ్గకపోయినా పర్వాలేదు, ఊపిరి మాత్రం కుదురుకుంటుంది.

*"నా చేతిల ఉన్నది పత్తికాయ."*

కాయను గడ్డం ఎత్తుకు లేపు. ఒక సెకను.

*"పైకి చూస్తె మంచిగున్నది."*

మళ్లీ ఒక సెకను. పది సెకన్లు ఇక్కడితో అయిపోయినట్టే. మాట్లాడింది తొమ్మిది మాటలు, మిగతాదంతా ఆగడమే. భయంలో మాట వేగం పెరుగుతుంది కాబట్టి మాటలు కావాలనే తక్కువ పెట్టాం. ఒత్తులు, సంయుక్తాక్షరాలు దండిగా ఉన్న మాట ఒక్కటీ లేదు. "శాస్త్రవేత్త", "సభాధ్యక్షులు", "ఆహ్వానితులు" లాంటివి నోరు ఎండినప్పుడు తడబడే మాటలు. అవి ఈ మూడు వాక్యాల్లోకి రాకూడదు.

తర్వాతి ఇరవై సెకన్లు

*"లోపల పురుగున్నదా? పగలగొడితెనే తెలుస్తది."*

*"ఇసొంటి కాయలు ఇరవై తెంపుర్రి. రెండిట్ల పురుగు కనబడ్డదా, ఇగ మందు కొట్టాల్సిందే."*

*"ఎందుకు ఇరవై, ఎందుకు రెండు? ఆ లెక్క చెప్పెటందుకు ఇయ్యాల ఒకరు వచ్చిన్రు. యాదగిరి సార్."*

సార్ వైపు చెయ్యి చూపించు, చప్పట్లు పడతాయి. పడకపోతే నువ్వే మొదలుపెట్టు, కాయను అంతకు ముందే బల్ల మీద పెట్టెయ్.

గుర్తుంచుకోవాల్సింది మూడే మాటలు: ఇరవై, రెండు, ఒకరు. ఇరవై కాయలు, రెండిట్లో పురుగు, వచ్చింది ఒకరు. వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టకు. బట్టీ పట్టిన వాక్యంలో ఒక మాట జారితే దాని వెనక ఉన్నవన్నీ జారతాయి. "తెంపుర్రి" బదులు "కోసి చూడుర్రి" అన్నా ఏమీ కాదు. అక్షరం తప్పకుండా రావాల్సింది "అందరికి నమస్తే, నా చేతిల ఉన్నది పత్తికాయ" ఒక్కటే.

లెక్క కూడా ఒట్టి మాట కాదు. ఇరవైలో రెండంటే వందకు పది, మందు కొట్టాలా వద్దా తేల్చుకోవడానికి వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే గీత అదే. పురుగు పిల్లగా ఉన్నప్పుడే కాయలోకి దూరుతుంది, దూరిన బెజ్జం పూడుకుపోతుంది. అందుకే పైకి చూస్తే మంచిగానే ఉంటుంది. ఎవరైనా మధ్యలో "నిజమేనా?" అని అడిగితే ఈ ముక్క చెప్పు, నీ మాట నిలబడుతుంది.

పెద్దల పేర్లు ఎక్కడ

మన సభల్లో పరిచయం చేసేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. "వేదికను అలంకరించిన" అని మొదలుపెట్టి ఏడుగురి పేర్లు, హోదాలు వరుస తప్పకుండా చెప్పాలి. అదీ గుండె అన్నిటికంటే ఎక్కువ కొట్టుకునే నిమిషంలో. ఒక్క పేరు మరిచిపోతే ఆయన ముఖం మారుతుంది, అది చూసి నీకు తర్వాతి పేరు కూడా పోతుంది. కాబట్టి పేర్లు కిందికి దించాం. కాయ మాట అయ్యాక, చప్పట్ల తర్వాత, బల్ల మీద పెట్టిన కార్డు చూసి చదవొచ్చు. పేర్లు చూసి చదివితే ఎవరూ తప్పు పట్టరు, తప్పుగా చదివితే పడతారు.

*"సార్ గురించి చెప్పే ముందు, మన సర్పంచ్ గారికి, ఏఈఓ మేడమ్‌కు, సంఘం అధ్యక్షురాలు అక్కకు, వేదిక మీది పెద్దలందరికి నమస్తే. పనులు ఇడిసిపెట్టి వచ్చిన రైతులకు ముందుగాల నమస్తే."*

చివరి వాక్యం ఊళ్లో బాగా పనిచేస్తుంది. చేను పనులున్న రోజుల్లో కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు వింటున్నారు.

పరిచయం మిగతా భాగం

ఇది ముక్కలు ముక్కలుగా కార్డు మీద ఉంటుంది. ఒక నిమిషం దాటొద్దు.

*"యాదగిరి సార్ వ్యవసాయ శాఖల ముప్పై ఒక్క ఏండ్లు పనిచేసిన్రు, ఏడీఏగ రిటైరైన్రు. 2002ల బీటీ పత్తి వచ్చినప్పుడు మనోళ్లు పురుగు బాధ పోయిందనుకున్నరు. కాయతొలిచే పచ్చ పురుగు తగ్గింది నిజమే. గులాబీ రంగు పురుగు మాత్రం ఆ బీటీకి అలవాటు పడ్డది, మల్ల వచ్చింది. సార్ ఇప్పటికి చేన్లల్ల తిరుగుతనే ఉన్నరు, లింగాకర్షక బుట్టల లెక్క స్వయంగ చూస్తరు. బుట్టల ఎన్ని రెక్కల పురుగులు పడితే భయపడాలె, గుడ్డిపూలు ఎట్ల గుర్తు పట్టాలె, డిసెంబర్ దాటినంక పత్తి చేన్ల ఎందుకు ఉంచొద్దు, ఈ మూడు ముచ్చట్లు ఇయ్యాల చెప్తరు. సార్, రార్రి."*

సార్ చదువులు, అవార్డులు ఇందులో లేవు. కావాలనే తీసేశాం. వినేవాళ్లకు కావాల్సింది ఈయన మాట నా చేనుకు పనికొస్తుందా లేదా అన్నదే. సార్ ఏమైనా అనుకుంటారేమో అని సందేహం వద్దు, ఈ పరిచయం ఆయనకు ముందే చదివి వినిపించి సరేననిపించుకో. సర్వీసు ఏండ్లు, హోదా అప్పుడే సరిచూసుకో.

అనుకున్నట్టు జరగకపోతే చెప్పే మాటలు

మైకు ఆగిపోతే మైకును తట్టడం, ఊదడం చేయొద్దు. రెండు అడుగులు ముందుకు వచ్చి:

*"అన్నా, అక్కా, ఎనకకు ఇనబడుతుందా? ఈ కాయ కనబడుతుందా?"*

ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది, ఆ సందులో ఊపిరి తీసుకోవచ్చు. "ఆ" అనే దీర్ఘాలు నోరు తెరిపిస్తాయి కాబట్టి మైకు లేకున్నా గొంతు దూరం పోతుంది. తర్వాత "పైకి చూస్తె మంచిగున్నది" నుంచి అందుకో.

ముచ్చట్లు ఆగకపోతే "నిశ్శబ్దం, నిశ్శబ్దం" అనొద్దు. అరిస్తే పది సెకన్లలో గొంతు పోతుంది. కాయను తల పైకి లేపి ఊరికే నిలబడు. ముందు వరుస చూసి ఆగుతుంది, దాన్ని చూసి వెనక వరుస. కొంచెం సద్దుమణిగాక:

*"ఇదేందో చెప్పుర్రి?"*

"పత్తికాయ" అని పది మంది అంటారు. నీ రెండో వాక్యం వాళ్లే చెప్పేశారు, నువ్వు మూడోదానికి పో.

మాట పూర్తిగా మరిచిపోతే, ఎక్కడ ఆగినా సరే, ఇది చెప్పు:

*"ఇరవైల రెండు. ఆ లెక్క యాదగిరి సార్ చెప్తరు."*

దీంతో పరిచయం పూర్తయినట్టే. మధ్యలో ఏం వదిలేశావో నీకు తప్ప ఎవరికీ తెలియదు. "సారీ, మర్చిపోయిన" అన్న మాట మాత్రం రానీయొద్దు, అంటే అందరూ నిన్నే చూడడం మొదలుపెడతారు.

నువ్వు మొదలుపెట్టాక ఎవరైనా పెద్దమనిషి ఆలస్యంగా లోపలికి వస్తే, వాక్యం పూర్తి చేసి ఆగి:

*"రార్రి సార్, మీ కోసమే కాయ ఆపిన."*

నవ్వు వస్తే మంచిదే. ఇది ఎమ్మెల్యే స్థాయివాళ్లకు కాదు, ఊరివాళ్లకే. ఎమ్మెల్యే లాంటివాళ్లకైతే "నమస్తే సార్" అని ఆగితే చాలు.

వానపడి చేను బురదై కాయ తేలేకపోతే, ఒట్టి చేతులతో ఇలా మొదలుపెట్టు:

*"అందరికి నమస్తే. ఏనుమాముల మార్కెట్ల మంచి పత్తికి ఒక రేటు, మచ్చ పత్తికి ఒక రేటు. ఆ మచ్చ చేన్లనే పడ్డది."*

తర్వాత "ఇరవై తెంపుర్రి" దగ్గర కలుపు. ఇందులో మాటలు కొంచెం ఎక్కువ, అందుకే ఇది రెండో దారి.

కాయ గురించి

శనివారం పొద్దున కోసినవే కావాలి. ముందురోజువి వాడిపోయి మెత్తబడతాయి. తొడిమెతో సహా మూడు కాయలు సంచిలో వేసుకో, ఒకటి కింద పడితే వెతుక్కోవాల్సిన పని ఉండదు. వేదిక మీద కాయను చీల్చి చూపించే ప్రయత్నం చేయొద్దు. వణికే చేతిలో బ్లేడు ప్రమాదం. పైగా చీల్చాక అందులో పురుగు లేకపోతే సభ నవ్వుతుంది. చీల్చే పని సార్‌ది, ఆయన ఎన్ని కాయలైనా చీలుస్తారు.

శుక్రవారం సాయంత్రం

కాయ పట్టుకుని నిలబడి మొదటి మూడు వాక్యాలు బయటికి వినబడేలా ఐదుసార్లు చెప్పు. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు, ఎందుకంటే మనసులో నోరు ఎండదు. ఆరోసారి మధ్యలో నుంచి, "ఇసొంటి కాయలు ఇరవై" దగ్గర మొదలుపెట్టి చూడు. అక్కడి నుంచి కూడా సాఫీగా వస్తే చాలు, ఇంక చెప్పకు, గొంతు అలిసిపోతుంది. శనివారం పదింటికే రైతు వేదికకు వచ్చి మైకు ఆన్ చేయించి "అందరికి నమస్తే" ఒక్కసారి అనుకో. నీ గొంతు స్పీకర్లో ఎలా వినబడుతుందో అప్పుడే తెలియాలి. మైకుకు, నోటికి మధ్య పిడికెడు దూరం. నీళ్ల సీసా బల్ల మీద మూత వదులు చేసి పెట్టు. రెండు గుక్కలు పిలవకముందే తాగాలి, పిలిచాక కాదు.