వారం రోజులుగా రిప్లై ఇవ్వనందుకు సారీ

హాయ్ అండి, ముందుగా సారీ. గురువారం మీ ఇంటర్వ్యూ ఉందని, టెన్షన్‌గా ఉందని మీరు మెసేజ్ పెట్టారు, నేను కనీసం ఆల్ ది బెస్ట్ కూడా చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆ ముందురోజు సాయంత్రం నాన్న బాత్‌రూమ్‌లో జారిపడ్డారని అమ్మ ఫోన్ చేసింది, ఆఫీసు నుంచే సికింద్రాబాద్ వెళ్లి గౌతమి ఎక్కేశాను. తుంటి ఎముక విరిగింది, రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు.

మీ మెసేజ్ రెండో రోజే చూశాను. హాస్పిటల్ వరండాలో నిలబడి రెండు ముక్కలు పంపడం ఇష్టం లేక, రాత్రికి తీరిగ్గా రాద్దామనుకున్నాను, ఆ రాత్రి అలాగే నిద్రపోయాను, తర్వాత రోజులు గడిచేకొద్దీ ఏం రాయాలో తెలియక ఇంకా ఆలస్యం చేశాను. ఒక్క లైను పంపి ఉండాల్సింది, అది పూర్తిగా నా తప్పే.

మీతో మాట్లాడటం నాకు నిజంగా నచ్చింది. ఆదివారం హైదరాబాద్ వచ్చేస్తున్నాను. మీకు ఇష్టమైతే ఆ సాయంత్రం కాల్ చేస్తాను. మాట్లాడాలని లేకపోతే అదైనా చెప్పండి, అర్థం చేసుకుంటాను. ఇంటర్వ్యూ ఎలా జరిగింది?