మా అమ్మాయి జుట్టు గురించి డాక్టర్ గారికి

ఆత్మకూరు,
నెల్లూరు జిల్లా,
17 జనవరి 2026

డాక్టర్ గారికి నమస్కారం.

మా అమ్మాయి పేరు లాస్య. పదహారేళ్లు. నెల్లూరులో హాస్టల్‌లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. తన ముందు జుట్టు మాట ఎత్తితే చాలు, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నెలసరి సంగతులైతే వాళ్ల నాన్న ఎదుట అసలు చెప్పనివ్వదు. అందుకే అన్నీ రాసి, ఓపీ చీటీతో పాటు ఇస్తున్నాను. తనని లోపలికి పిలిచే ముందు ఒక్కసారి చదవండి.

చిన్నప్పటి నుంచి తనది ఒత్తు జుట్టు. తొమ్మిదో తరగతిలో జడ నా పిడికిట్లో పట్టేది కాదు. 2024 అక్టోబరులో డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 48 వేలకు పడిపోయి ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. జ్వరం తగ్గినప్పుడు జుట్టు బాగానే ఉంది. సంక్రాంతి దగ్గర పడేసరికి మొదలైంది. తలంటితే గుప్పెడు, దువ్వితే గుప్పెడు, దిండు మీద, చివరికి అన్నం పళ్లెంలో కూడా. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు ఇలా రాలుతుందని, మళ్లీ వస్తుందని ఇక్కడి డాక్టరు చెప్పారు. ఆయన అన్నట్టే వేసవికి రాలడం తగ్గి, నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు లేచాయి. గండం గడిచిందనుకున్నాం.

ఇప్పుడు జరుగుతున్నది అలాంటిది కాదని నాకు అనిపిస్తోంది. ఈసారి గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడటం లేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు తల దువ్వుతుంటే పాపట వెడల్పుగా కనిపించింది. ఈ పండక్కి చూస్తే మాడు మీద చర్మం తెలుస్తోంది. అక్కడి వెంట్రుకలు సన్నగా, పసిపిల్లల జుట్టులా ఉన్నాయి. వెనక వైపు, చెవుల పక్కన మాత్రం ఎప్పటిలాగే ఉంది. పేనుకొరుకుడులాగా గుండ్రటి మచ్చలు లేవు. చుండ్రు కొంచెం ఉంది, పుండ్లు లేవు. జడ బిగించి వేసుకునే అలవాటు ముందు నుంచీ లేదు.

తన ముందు చెప్పలేనివి ఇవి. పన్నెండో ఏట పెద్దమనిషి అయింది. మొదటి రెండేళ్లు నెలసరి అటూ ఇటూ అవడం మామూలేలే అనుకున్నాను. కానీ ఇప్పటికీ రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకు వస్తోంది. వచ్చినప్పుడు రక్తస్రావం ఎక్కువ. దవడల మీద మొటిమలు, పై పెదవి మీద నూగు పెరిగాయి. మెడ వెనక నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. హాస్టల్‌కి వెళ్లాక బరువు కూడా పెరిగింది. స్కానింగ్ ఇంకా తీయించలేదు. వాళ్ల నాన్నకి ముప్పై దాటకముందే బట్టతల వచ్చింది. మా అక్కకీ చిన్న వయసులోనే పాపట ఇలాగే వెడల్పయింది. మా అత్తగారికి షుగర్ ఉంది.

డిసెంబరులో చేయించిన రక్తపరీక్షలు ఫైల్లో పెట్టాను. హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ 11 వచ్చింది. థైరాయిడ్ నార్మల్ అన్నారు. జుట్టు కోసమని వేసుకుంటున్న బయోటిన్ మాత్రలను ఆ పరీక్షకు ముందు ఆపమన్నారు, ఆపాం, మళ్లీ వేయలేదు. ఐరన్ మాత్రలు రాశారు, కానీ కడుపులో తిప్పుతోందని రోజూ వేసుకోవడం లేదు. పొద్దున టిఫిన్ మానేసి టీ తాగి కాలేజీకి పోతుందట. ఈ విషయం మీరు చెబితే వింటుంది.

హాస్టల్ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది. వాటివల్లే అని అందరూ అంటున్నారు. అవే నీళ్లు పోసుకునే తోటిపిల్లల జుట్టు బాగానే ఉంది కాబట్టి నాకు నమ్మకం కుదరడం లేదు. ఉల్లిపాయ రసం కొన్నాళ్లు పట్టించాం, దురద పుట్టి ఆపేశాం. పెంచలకోనలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మా అత్తగారు పట్టుబడుతున్నారు. స్వామి మీద నాకూ భక్తి ఉంది. కానీ ఈ వయసు పిల్లకి ఇష్టం లేకుండా గుండు చేయించడానికి నేను ఒప్పుకోను. మందుల షాపులో మినాక్సిడిల్ 5 శాతం సీసా ఇచ్చారు. మీరు చూడకుండా ఈ వయసులో వాడకూడదని మూత కూడా తీయలేదు.

డాక్టర్ గారూ, ఇది రక్తం తక్కువవడం వల్లా, నెలసరి తేడా వల్లా, వాళ్ల నాన్న వైపు నుంచి వచ్చిందా? లేక అన్నీ కలిశాయా? ఆడపిల్లల డాక్టరుకి కూడా చూపించాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పండి. ఎన్ని నెలలు మందు వాడాలో, ఎంతవరకు తిరిగి వస్తుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తట్టుకుంటాను. తనతో మాత్రం కొంచెం మెల్లగా చెప్పండి. తరగతిలో ఎవరో పాపట చూసి నవ్వారట, అప్పటి నుంచి ముందు బెంచీలో కూర్చోవడం మానేసింది. ఇంట్లో కూడా చున్నీ తీయడం లేదు. మీరు తల చూడాలన్నప్పుడు వాళ్ల నాన్నని బయటకు పంపిస్తాను, నేను పక్కనే ఉంటాను.

సోమవారం హాస్టల్‌లో దించాలి. మందులు అక్కడ తను ఒక్కతే వేసుకోవాలి కాబట్టి, ఏ పూట ఏది వేసుకోవాలో తెలుగులో రాయించి ఇవ్వండి.

ఇట్లు,
లాస్య వాళ్ల అమ్మ,
సుజాత