రచయిత్రి పరిచయం, సంస్థ వివరాలు

వ్యాస రచయిత్రి ములుగు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర సహాయాచార్యులు. కాకతీయుల కాలపు చెరువులు, వాటి నిర్వహణకు ఇచ్చిన దశబంధ మాన్యాలపై కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి 2017లో పిహెచ్‌డి పొందారు. అంతకుముందు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద ఆయకట్టు రైతులు, నీరటికాండ్రతో మాట్లాడి, వాళ్లు చెప్పింది శాసనాల పక్కన పెట్టి చూడటం ఆమె పని తీరు. తెలుగు శాసనాలను స్వయంగా చదువుతారు. ఈ వ్యాసంలోని సంస్కృత భాగాలకు మాత్రం ముద్రిత పాఠాలే ఆధారం.

క్షేత్ర పరిశీలన చాలావరకు పరిశోధక విద్యార్థిగా, కాకతీయ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలో ఉన్నప్పుడు చేసినది. రాసింది ప్రస్తుత ఉద్యోగంలో. అందుకే రెండు సంస్థల పేర్లూ ఇచ్చాను. అభిప్రాయాలు నావి, ఆ సంస్థలవి కావు. ఏ ఆర్థిక సహాయమూ తీసుకోలేదు, ప్రయోజనాల వైరుధ్యం లేదు. తూము కొలతలు తీసింది మా కళాశాల బి.ఏ. విద్యార్థులు. ఎండలో టేపు పట్టుకుని నిలబడ్డ వాళ్ల శ్రమ లేకపోతే రెండో పట్టిక ఉండేదే కాదు, ఆ మాట ఇక్కడ రాయడం న్యాయం. ఉత్తరాలు కళాశాల చరిత్ర శాఖ చిరునామాకు పంపవచ్చు.