ఒత్తు ఉన్న అక్షరం లఘువు ఎలా అయింది?

బాబూ, ఛందస్సు మీద నా వీడియో చూసి మంచి డౌట్ అడిగావు. "సత్యము అన్న మాటకు నాకు I U I వస్తోంది, అంటే జ గణం. మీరేమో ఉత్పలమాల భ గణంతో మొదలవ్వాలన్నారు" అని రాశావు కదా. నువ్వు గణం గుర్తించడంలో తప్పు లేదు, గురువును ఒక అక్షరం పక్కన పెట్టావంతే. పదో తరగతి పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేదీ ఇక్కడే.

సంయుక్తాక్షరం గురువు కాదు. దాని ముందున్న అక్షరం గురువు.

ఎందుకో తెలియాలంటే "సత్యము" అని పైకి, నిదానంగా అను. "స" అనగానే నాలుక పళ్లకు ఆని ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తర్వాతే "య" వస్తుంది. సత్-య-ము. ఆ ఆగిన సమయమంతా "స" ఖాతాలోకే పోతుంది కాబట్టి దానికి రెండు మాత్రలు. "త్య"లో మిగిలింది పొట్టి అకారమే, ఒక్క మాత్ర. కాబట్టి U I I, భ గణం.

మరి "శ్రీ" గురువే కదా అంటావేమో. అవును, కానీ అక్కడ దీర్ఘం ఉంది, ఒత్తు వల్ల కాదు. "ప్రభ" చూడు, రెండూ లఘువులే. "వచ్చెన్"లో "చ్చెన్" కూడా గురువే, చివర పొల్లు "న్" ఉంది కనుక. సున్న, విసర్గ ఉన్నా అంతే.

ఇంకో చిక్కు వట్రసుడి దగ్గర. చూడ్డానికి ఒత్తులాగే కింద వేలాడుతుంది గానీ అది హల్లు కాదు, "ఋ" అనే అచ్చు గుర్తు. అందుకే "విక్రమ"లో "వి" గురువు, "వికృతి"లో "వి" లఘువు. మా క్లాసులో ఏటా సగం మంది ఇక్కడ బోల్తా పడతారు, బాగా చదివేవాళ్లతో సహా!

సంయుక్తాక్షరం పక్క పదం మొదట్లో ఉంటే? అది వీడియోలో టైమ్ చాలక వదిలేశాను. "అతని ప్రవేశము" అన్నప్పుడు అవి విడివిడి పదాలు, తెలుగులో వాటి మధ్య కాస్త ఎడం ఉంటుంది. అందుకని "ని" లఘువే. "వనప్రవేశము" సమాసం, ఒకే ఊపులో పలుకుతాం, కాబట్టి "న" గురువు. పరీక్షలో పద్యపాదం ఇచ్చినప్పుడు ముందు పదాలు విడదీసి, సమాసం ఎక్కడుందో చూసుకున్నాకే గుర్తులు పెట్టు.

ఇప్పుడు "ప్రకృతి", "ప్రక్రియ" రెండింటికీ గురులఘువులు గుర్తించి, ఏ గణాలొచ్చాయో ఇక్కడే కింద రాయి. రాత్రికి చూసి చెప్తాను.