గీత 18.66: 'సర్వధర్మాన్ పరిత్యజ్య' ఎవరికి చెప్పిన మాట?

పాత కర్నూలు జిల్లాలో రెండు వేదాంత సంప్రదాయాల పీఠస్థానాలున్నాయి. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం, నల్లమలలో అహోబిలం. మొదటిది మధ్వాచార్యుల మార్గం. రాఘవేంద్రతీర్థులు 'గీతావివృతి' రాసింది ఆ మార్గంలోనే. రెండోది రామానుజుల మార్గం. మన ప్రాంతంలో రెండు క్షేత్రాలకూ వెళ్లివచ్చే కుటుంబాలకు లెక్కలేదు. అయినా ఒకే శ్లోకాన్ని ఈ రెండు మార్గాలూ ఎలా చదివాయో పక్కపక్కన పెట్టి చూడటం అరుదు. ఈ వ్యాసంలో శంకర భాష్యాన్ని కూడా కలుపుకొని ఆ పని చేస్తున్నాను. పరిశీలనకు తీసుకున్న శ్లోకం ఇది:

సర్వధర్మాన్ పరిత్యజ్య మామేకం శరణం వ్రజ
అహం త్వా సర్వపాపేభ్యో మోక్షయిష్యామి మా శుచః

ముందు అందరికీ ఉమ్మడిగా ఉన్న చిక్కు చూద్దాం. 'ధర్మాలన్నీ విడిచిపెట్టు' అని విన్న అర్జునుడు, ఏడు శ్లోకాల తరువాత 'కరిష్యే వచనం తవ' (18.73) అని విల్లు పట్టాడు. విన్నది కర్మత్యాగమైతే చేసింది కర్మ. ఈ రెండింటికీ పొత్తు కుదర్చని వ్యాఖ్య ఎంత లోతైనదైనా ఈ సందర్భానికి చాలదు. భాష్యాలను నేను తూచేది ముఖ్యంగా ఈ రాయితోనే.

శంకరులు మాటను దాని పూర్తి బలంతో తీసుకున్నారు. ఇక్కడ ధర్మ శబ్దంలో అధర్మం కూడా చేరుతుందనీ, చెప్పదలచింది నైష్కర్మ్యం, అంటే కర్మలన్నీ విడిచిన స్థితి, గనుక అలా గ్రహించాలనీ అన్నారు. శరణు వెళ్లడమంటే తనకంటే వేరుగా మరొకటి లేదని ఈశ్వరుణ్ణి తెలుసుకోవడం. ఇది సర్వకర్మసంన్యాసంతో కూడిన జ్ఞాననిష్ఠ. అందుకే మోక్షానికి సాధనం జ్ఞానమా, కర్మా, రెండూ కలిసా అన్న సుదీర్ఘ చర్చను ఆయన ఈ శ్లోకం దగ్గరే నడిపారు. ఆ చర్చ పటుత్వాన్ని ఎవరూ కాదనలేరు. కానీ 2.47 దగ్గర అర్జునుడికి కర్మలోనే అధికారం, జ్ఞాననిష్ఠలో లేదు అని చెప్పినదీ ఆయనే. మరి అధికారం లేనివాడికి ఈ ఉపదేశం ఎందుకు?

ఈ ప్రశ్నను శంకర భాష్యానికి టీక రాసిన ఆనందగిరి దాటవేయలేదు. అర్జునుడు క్షత్రియుడు గనుక సంన్యాసపూర్వకమైన జ్ఞాననిష్ఠలో అతనికి ముఖ్యాధికారం లేకపోయినా, అతణ్ణి ముందు నిలబెట్టుకొని అధికారులైన ఇతరులకు చెప్పినమాట ఇది, కాబట్టి విరోధం లేదు అన్నాడు. సమాధానం తెలివైనదే. అయితే దీనికి గట్టి ఎదురుదెబ్బ ప్రతిపక్షం నుంచి రాలేదు. అద్వైతంలోనే శిఖరాల్లో ఒకడైన మధుసూదన సరస్వతి నుంచి వచ్చింది. అర్జునుణ్ణి నెపంగా పెట్టుకొని ఇతరులకు చెప్పిందే అయితే 'వక్ష్యామి తే హితమ్' (18.64) అని నీకు మేలైనది చెబుతానంటూ మొదలుపెట్టడమూ, 'నిన్ను విడిపిస్తాను, నువ్వు శోకించకు' అంటూ ముగించడమూ పొసగవని ఆయన వాదం. ఉపక్రమోపసంహారాలు, అంటే మొదలూ ముగింపూ, తాత్పర్య నిర్ణయానికి మొదటి గుర్తు. దాన్ని సొంత ఇంటివాడే చూపించాడు. నా దృష్టిలో ఈ శ్లోక వ్యాఖ్యాన చరిత్రలో అన్నిటికంటే నిజాయితీ గల ఘట్టం ఇదే. గీతపై చర్చలను 'అద్వైతం ఇలా అంటుంది, ద్వైతం అలా అంటుంది' అని వేర్వేరు పెట్టెల్లో సర్దేసే మన అలవాటుకు ఇది చెంపపెట్టు కూడా.

మధ్వాచార్యుల వ్యాఖ్య అతి క్లుప్తం. ధర్మత్యాగమంటే ఫలత్యాగం, కాకపోతే యుద్ధం చేయమన్న విధి ఎలా కుదురుతుంది? ఆధారంగా 'యస్తు కర్మఫలత్యాగీ స త్యాగీ' (18.11) అన్న గీతావాక్యాన్నే చూపారు. ఉమ్మడి చిక్కును ఒక్క వాక్యంలో తేల్చేశారు.

రామానుజులు రెండు వ్యాఖ్యలు ఇచ్చారు. మొదటిదాని ప్రకారం కర్మ, జ్ఞాన, భక్తి యోగాలను భగవదారాధనగా 'కుర్వాణ ఏవ', అంటే చేస్తూనే, ఫలాన్నీ కర్తృత్వాన్నీ విడిచిపెట్టాలి. దీనికి మద్దతు పద్దెనిమిదో అధ్యాయం మొదట్లోని త్యాగ విచారమే. అంటే మంత్రాలయమూ అహోబిలమూ ఈ ఒక్కచోట ఇంచుమించు ఒకే మాట మాట్లాడుతున్నాయి. జీవేశ్వర సంబంధం గురించి వాటి మధ్య ఉన్న తగాదా ఈ శ్లోకం దగ్గర పనిచేయలేదు. ఇద్దరినీ ఇక్కడికి తెచ్చింది సిద్ధాంతం కంటే సందర్భం.

ఫలత్యాగ పక్షానికీ ఒక ఆక్షేపణ ఉంది. 2.47 నుంచి చెబుతూ వచ్చిన మాటే అయితే దీన్ని 'సర్వగుహ్యతమం' (18.64) అనడమెందుకు? ఆ శ్లోకంలోనే 'భూయః' ఉంది కదా, మళ్లీ చెబుతున్నాననే కదా అన్నాడు అని జవాబివ్వవచ్చు. అది సగం జవాబే. ఎందుకంటే ఫలత్యాగం 'పాపాల నుంచి విడిపిస్తాను' అన్న రెండో పంక్తిని వివరించదు.

ఇక్కడే రామానుజుల రెండో వ్యాఖ్య అక్కరకొస్తుంది. భక్తియోగం మొదలుపెట్టడానికి అడ్డుపడే పాపాలు అనంతం. కృచ్ఛ్రం, చాంద్రాయణం వంటి ప్రాయశ్చిత్తాలతో వాటిని కడుక్కోవడానికి మనిషి ఆయుష్షు చాలదు. విడవమన్న ధర్మాలు ఆ ప్రాయశ్చిత్తాలే. వాటి స్థానంలో శరణాగతి. ఈ చదువులో పాపం, శోకం, శరణు మూడూ ఒకదానికొకటి అతుకుతాయి. తరువాతి శ్రీవైష్ణవంలో పిళ్లై లోకాచార్యులు, వేదాంత దేశికులు చరమశ్లోకమని పేరుపడ్డ ఈ శ్లోకంపై విభేదించిన చర్చకు పునాది ఇదే. ఆ భేదం వేరే వ్యాసానికి తగినంత పెద్దది.

అయితే రెండో వ్యాఖ్యలో లోటు ఒకటుంది. అర్జునుడు ప్రాయశ్చిత్తాల గురించి ఎక్కడా దిగులుపడలేదు. అతని శోకం ఏమిటో మొదటి అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. 'పాపమేవాశ్రయేదస్మాన్' (1.36) అన్నది బంధువులను చంపితే అంటుకునే పాపం గురించి. 'ధర్మే నష్టే' (1.40), 'జాతిధర్మాః కులధర్మాశ్చ' (1.43) అన్నది చెడిపోతాయని అతను భయపడిన ధర్మాల గురించి. 2.7లో 'ధర్మసమ్మూఢచేతాః', శరణన్నవాణ్ణి అనే అర్థంలో 'ప్రపన్నమ్' అనే రెండు మాటలూ ఒకే శ్లోకంలో ఉన్నాయి. పాపం, ధర్మం, ప్రపత్తి, శోకం ఈ నాలుగూ అర్జునుడి నోట వచ్చినవే, కృష్ణుడు 18.66లో ఆ నాలుగింటికీ ఒక్కచోట జవాబిచ్చాడని నా ప్రతిపాదన. శంకర భాష్యం మొదటి అధ్యాయాన్ని వ్యాఖ్యానించకుండా రెండో అధ్యాయంలోని శోక ప్రసంగం నుంచి సాగుతుంది. అందువల్ల ఆయన వ్యాఖ్యలో ఈ బంధం కనబడకపోవడం ఆశ్చర్యం కాదు.

నా ప్రతిపాదనకు వచ్చే ఆక్షేపణ బలమైనదే. జాతిధర్మాల్లో క్షాత్రం కూడా ఉంది. కృష్ణుడే 'స్వధర్మమపి చావేక్ష్య' (2.31) అని దాన్ని చూసుకోమన్నాడు. అలాంటప్పుడు దాన్నే విడవమనడం కుదరదు. కుదరదు కాబట్టే విడవవలసింది ధర్మాచరణ కాదని అనాలి. ఏ ధర్మం నిలుస్తుందో, ఏది కూలుతుందో, దాని పాపం ఎవరి నెత్తిన పడుతుందో తానే లెక్కకట్టి తేల్చుకోవాలన్న పట్టుదలే విడవవలసింది. ఈ మెట్టు మధ్వుల ఫలత్యాగం లేకుండా ఎక్కలేం. కనుక నేను చెప్పేది నాలుగో భాష్యం కాదు. ఫలత్యాగ పక్షం ఖాళీగా వదిలేసిన రెండో పంక్తికి మొదటి అధ్యాయం నుంచి తెచ్చిన పూరణ.