నైట్ హాల్ట్ నుంచి ఇంటికి

మే, పండుకోనింటావ్. ఫోన్ చేస్తే మళ్ల లేసి కూచుంటావని మెసేజ్ పెడతాండా. పొద్దున తీరిగ్గా చూసుకో. కర్నూలు బస్టాండ్ రెస్టురూములో ఉండా, సద్ది తినేసినా.

నాయనను చూసేకి వచ్చినోళ్లంతా ఈ వారం నన్నే పొగిడినారు, "శానా తిరిగినావప్పా" అని. డాక్టరు దగ్గరికి, మందుల షాపుకు తిరిగేది అందరికీ కనపడ్తాది. లీవు పెట్టి రాత్రిళ్లు ఆ మంచం పక్కన కూచున్నాక నాకు కనపడింది వేరే.

మాత్రల షీట్లు కత్తెరతో కత్తిరించి, పొద్దుటివి ఒక పొట్లం, రాత్రివి ఒక పొట్లం కట్టినావు. మా అమ్మకు చదువు రాదని ఒకదాని మీద సూర్యుణ్ణి, ఇంకోదాని మీద చంద్రుణ్ణి గీసినావు. నీకెవరూ చెప్పలేదు ఆ పని. నర్సమ్మ చూసి నవ్వి ఎవరు గీసినారని అడిగితే "మా కోడలు" అనింది మా అమ్మ. ఆ గొంతు నువ్వు వినాల్సింది. కొళాయి నీళ్లొచ్చే టైమని అప్పటికే ఇంటికి పరిగెత్తినావు.

కొళాయి ఏ పొద్దు వస్తాది, గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాల, పాపకు ఏ రోజు ఏ పరీక్ష, పాలాయనకు ఎంత బాకీ, అన్నీ నీ తలకాయలోనే. నేను స్టీరింగు పట్టుకున్న గంటలు డిపోలో రాసుకుంటారు. ఇయ్యి రాసుకునేటోళ్లు ఎవరుండారు చెప్పు? అందుకే నేను రాస్తాండా.

ఈ పొద్దు గుత్తి దాటినాక చూసుకుంటే చొక్కాకు ఊడిపోయిన గుండీ ఉంది. అదీ ఖాకీ దారంతోనే. ఆస్పత్రికీ ఇంటికీ తిరగతా ఎప్పుడు కుట్టినావే? సద్దిలో ఊరిబిండి కూడా కారం తగ్గించినావ్. కడుపులో మంట అని ఎప్పుడో ఒకసారి అన్నానంతే. కారం లేకుంటే నీకు సంగటి ముద్ద దిగదు. అంటే రెండుసార్లు నూరినావన్నమాట.

ఆదివారం నాకు ఆఫ్. నాయనకిప్పుడు జ్వరం లేదు, గంజీ మాత్రలూ నేనూ అమ్మా చూసుకుంటాం. నువ్వు కదిరికి పో. మీ అమ్మ దగ్గర ఒక రాత్రి నిద్రపో, లేపేటోళ్లు ఎవరూ లేకుండా. పల్లెవెలుగైనా ఎక్స్‌ప్రెస్ అయినా నీకు జీరో టికెట్టే, ఆధార్ కార్డు మాత్రం మర్చిపోవద్దు. మా కండక్టరన్నలు దాంట్లో మొహమాటం పడరు.

ఒక్క షరతు. పోయేముందు వంట చేసి పెట్టి పోవద్దు. ఏ డబ్బా యాడుందో చీటీ కూడా రాయొద్దు, ఎతుక్కుంటాం. ఉప్పు దొరక్కపోతే ఆ పూట చప్పిడి కూడే. నీళ్లు నేనే పడతా.

పాపకు జడేసేది ఒకటే నాకు రాదు. బడి లేదు గదా, ఎట్లో ఒకట్ల దువ్వుతా. ఫోటో మాత్రం అడగొద్దు.